రిటైరవుతున్న గుమాస్తా గారిని సభకు పరిచయం చేయడం ఎలా?

ఆఫీసులో ఎవరైనా రిటైరవుతున్నారంటే శాలువా ఎవరు తేవాలి, భోజనాలు ఎవరికి చెప్పాలి అనేవి పది నిమిషాల్లో తేలిపోతాయి. చివరికి మిగిలేది ఒకటే పని. "సార్ గురించి పరిచయం నువ్వు చదువు" అని ఒకరి మీద పెడతారు. ఆ ఒకరు మీరైతే ఈ వ్యాసం మీకే. పంచాయతీరాజ్ అయినా, విద్యాశాఖ అయినా, బ్యాంకు అయినా పద్ధతి ఒకటే గానీ, ఇక్కడ రెవెన్యూ ఆఫీసును ఉదాహరణగా తీసుకుంటాను. గుమాస్తా పని అంటే ఏమిటో జనానికి ఎక్కువగా తెలిసేది అక్కడే.

ముందుగా పరిచయానికీ సన్మాన పత్రానికీ ఉన్న తేడా మనసులో పెట్టుకోండి. సన్మాన పత్రం అచ్చు వేయించి, ఫ్రేము కట్టించి ఇచ్చేది. గోడకు తగిలించుకునే కాగితం కాబట్టి అందులో విశేషణాలు ఉన్నా ఎవరూ పట్టించుకోరు. పరిచయం అలా కాదు. ఎదురుగా కూర్చున్నవాళ్లు ముప్పై ఏళ్లుగా ఆయన్ని చూసినవాళ్లు. మీరు చదివే ప్రతి వాక్యాన్నీ తమకు తెలిసిన మనిషితో పోల్చి చూసుకుంటారు. ఒక్క మాట పోలకపోయినా పక్కవాడి మోకాలు తట్టి నవ్వుకుంటారు. అందుకే పరిచయానికి సన్మాన పత్రం భాష పనికిరాదు.

మీ వంతు ఎక్కడ వస్తుందో కనుక్కోండి

మామూలుగా వరస ఇలా ఉంటుంది. వేదిక మీదికి పిలవడం, జ్యోతి వెలిగించడం, అధ్యక్షత వహించే అధికారి నాలుగు మాటలు, ఆ తర్వాత పరిచయం. దాని తర్వాత తోటి ఉద్యోగులు, సంఘం నాయకులు మాట్లాడతారు. శాలువా, సన్మాన పత్రం, ఆయన స్పందన, వందన సమర్పణ, భోజనం. అంటే మీరు మొదట్లోనే వస్తారు, మీ తర్వాత కనీసం ఆరుగురు మాట్లాడతారు. వాళ్లు చెప్పబోయేదంతా మీరే చెప్పేస్తే వాళ్లకు మిగిలేది పొగడ్త ఒక్కటే. నాలుగు నిమిషాలు చాలు, అయిదు దాటకూడదు. పెద్ద అక్షరాలతో రాసుకుంటే రెండు పేజీలు వస్తుంది.

అధికారి గారు ఆ ఆఫీసుకు వచ్చి ఆరు నెలలే అయి ఉంటుంది. కొత్తగా చేరిన పిల్లలకు ఆయన కళ్లజోడు, టిఫిను డబ్బా తప్ప ఇంకేమీ తెలియదు. ఆయన భార్య, పిల్లలు, వియ్యంకుల వారు ఆఫీసు లోపల ఆయన ఎలా ఉంటారో ఎప్పుడూ చూడలేదు. మీరు నిజంగా పరిచయం చేస్తున్నది వీళ్లకే. పాతవాళ్లు ఎలాగూ సాక్షులుగా కూర్చుంటారు.

సర్వీస్ రిజిస్టరుతో మొదలుపెట్టండి

వారం రోజుల ముందే ఎస్టాబ్లిష్‌మెంట్ సీటు దగ్గరికి వెళ్లి, ఆఫీసు పెద్ద అనుమతితో, ఆయనకూ ఒక మాట చెప్పి సర్వీస్ రిజిస్టరు చూడండి. మీకు కావలసినవి నాలుగే. చేరిన తేదీ, చేరినప్పటి పోస్టు, పనిచేసిన చోట్లు, ప్రమోషన్ వచ్చిన తేదీ. సెలవుల లెక్క, వైద్యం బిల్లులు, ఎప్పుడో ఇచ్చిన మెమో కంటపడితే పేజీ తిప్పేయండి. అవి మీ పని కాదు.

ఇక్కడ రెండు చోట్ల జాగ్రత్త కావాలి. మొదటిది పుట్టిన తేదీ. ఆ తరంలో చాలామందికి రికార్డులో ఉన్న తేదీ బడిలో వేసేటప్పుడు పంతులుగారు రాసిందే. జూలై 1 అని కనిపిస్తే మరీ అనుమానించాలి. కాబట్టి "ఫలానా రోజున జన్మించారు" అని సభలో చదవకండి. వాళ్ల అమ్మగారు ఆ సభలో ఉంటే అక్కడికక్కడే కాదంటారు. నెల మొదటి తేదీన పుట్టినట్టు రికార్డులో ఉన్నవారు అంతకు ముందు నెల చివరి రోజున రిటైరవుతారు. ఈ సంగతి తెలియక, "పుట్టినరోజుకు ఒక్క రోజు ముందే పంపించేస్తున్నారు" అని ఎవరైనా వేదిక మీద జాలిపడితే కుటుంబ సభ్యులు నిజంగానే ఏదో అన్యాయం జరిగిందనుకుంటారు.

రెండోది సర్వీసు లెక్క. చేరిన తేదీ, రెగ్యులర్ అయిన తేదీ వేరు వేరుగా ఉండొచ్చు. కొందరు దినకూలీగానో, తాత్కాలికంగానో కొన్నేళ్లు చేశాక రెగ్యులర్ అవుతారు. ఆ ఏళ్లు పెన్షన్ లెక్కలోకి రాకపోవచ్చు గానీ మనిషి జీవితంలోంచి పోవు. రెండు తేదీలూ చెప్పండి. "ముప్పై అయిదేళ్ల సుదీర్ఘ సేవ" అని ఉజ్జాయింపుగా అంటే ఆయన మనసులోనే లెక్క వేసుకుంటారు. గుమాస్తా కదా.

పోస్టు పేరు కూడా ఉన్నది ఉన్నట్టే చెప్పండి. సీనియర్ అసిస్టెంటుగా రిటైరవుతున్న వ్యక్తిని "సూపరింటెండెంట్ స్థాయి అధికారి" అంటే గౌరవం పెరగదు. ప్రమోషన్ రాలేదన్న సంగతిని అందరికీ గుర్తుచేసినట్టు అవుతుంది.

ముగ్గురితో మాట్లాడండి, కానీ అడిగే తీరు మార్చండి

"ఆయన ఎలాంటివారు?" అని అడిగితే "చాలా మంచివారండీ" అంటారు. అక్కడితో ఆగిపోతుంది. "ఆయన సెలవు పెడితే ఏ పని ఆగిపోయేది?" అని అడగండి. "ఆయన దగ్గర మొదటిసారి తిట్లు ఎందుకు తిన్నావు?" అని అడగండి. "ఆయన ఒక్కరికే తెలిసిన పని ఏమిటి?" అని అడగండి. ఈ మూడింటికీ జవాబుగా సంఘటనలే వస్తాయి, విశేషణాలు రావు.

ఎవరిని అడగాలంటే, ముందుగా అటెండరును. అధికారుల ముందు ఒకలా, అధికారులు లేనప్పుడు ఒకలా ఉండేవాళ్లెవరో అటెండరుకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. తర్వాత ఆయన దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు వేరే మండలంలో ఉన్న జూనియర్‌కు ఒక ఫోన్ చేయండి. మూడోవారు ఇంట్లోవాళ్లు. ఇంట్లోవాళ్లను ఎక్కువ అడగక్కర్లేదు, "ఆఫీసు పని మీద ఇంటికి ఆలస్యంగా వచ్చే రోజులు ఎప్పుడెప్పుడు?" అంటే చాలు. ఎన్నికలు, తుపాన్లు, ఏటా గ్రామ లెక్కలు తనిఖీ చేసే జమాబందీ, గ్రీవెన్స్ సోమవారాలు అన్నీ వాళ్ల నోటితోనే వస్తాయి.

ఒకరే చెప్పిన సంఘటనను ఇంకొకరి దగ్గర సరిచూసుకోండి. ఆఫీసు కథలు నోటినోటా పెరుగుతాయి. "ఒక్క రోజు కూడా సెలవు పెట్టలేదు" అన్న మాట దాదాపు ప్రతి రిటైర్మెంటు సభలోనూ వినిపిస్తుంది, సెలవుల ఖాతా చూస్తే దాదాపు ఎప్పుడూ అబద్ధమే.

ముప్పై ఏళ్లలోంచి ఒక్కటే పట్టుకోండి

చాలా పరిచయాలు ఇక్కడే చెడిపోతాయి. ఫలానా సంవత్సరం ఫలానా మండలం, తర్వాత ఇంకో మండలం, తర్వాత కలెక్టరేట్ అంటూ బదిలీల జాబితా చదువుతారు. రెండో ఊరి దగ్గరే సభ ఫోన్లు తీస్తుంది. బదిలీలన్నింటినీ ఒక్క వాక్యంలో పెట్టేయండి. మిగతా సమయమంతా ఒకే ఒక పని చుట్టూ తిప్పండి. ఆ పని ఆయన చేతిలో ఎలా మొదలైంది, కాలంతో పాటు ఎలా మారింది, ఇప్పుడు ఏ స్థితిలో అప్పగించి వెళ్తున్నారు అన్నది చెబితే మూడు దశాబ్దాలు వాటంతట అవే కనిపిస్తాయి.

ఉదాహరణకు కోనసీమలోని ఒక తహసీల్దార్ కార్యాలయంలో పనిచేసే సీనియర్ అసిస్టెంటును ఊహించుకుందాం. రికార్డులో పుట్టిన తేదీ 1964 జూలై 1. చేరింది 1995 నవంబరు 20న, జూనియర్ అసిస్టెంటుగా, కారుణ్య నియామకం మీద. రిటైరయ్యేది 2026 జూన్ 30న. అంటే 30 ఏళ్ల 7 నెలల పైచిలుకు. ఆయన చేయని సీటు లేదు, కానీ ఎవరిని అడిగినా చివరికి చెప్పేది ఒకటే: రికార్డ్ రూమ్. డైగ్లాట్ అనే పాత భూముల రిజిస్టరు ఏ గ్రామానిది ఏ బీరువాలో ఉంది, ఏ సంవత్సరం అడంగల్ ఏ కట్టలో ఉంది, పొలాల కొలతలుండే ఎఫ్‌ఎంబి పుస్తకాల్లో దేనిలో పేజీ చిరిగింది, అన్నీ ఆయనకు నోటికి వచ్చు. మనం పట్టుకోవలసిన దారం అదే.

ఆ దారానికి లోకంలో అందరికీ గుర్తున్న సంఘటనలను ముడివేయండి. వినేవాళ్లు తమ వయసుతో లెక్క వేసుకుంటారు. ఈయన విషయంలో అలాంటివి దండిగా ఉన్నాయి. చేరి ఏడాది నిండకముందే 1996 నవంబరు 6న కోనసీమను తుపాను ముంచేసింది. చేరినప్పుడు బోర్డు మీద మండల రెవెన్యూ కార్యాలయం, ఇప్పుడు తహసీల్దార్ కార్యాలయం. చేరింది తూర్పుగోదావరి జిల్లాలో, 2022 ఏప్రిల్ 4 నుంచి అదే కుర్చీ కోనసీమ జిల్లాలోకి వచ్చింది. ఆయన సర్వీసులో 1996 నుంచి 2024 దాకా ఎనిమిది లోక్‌సభ ఎన్నికలు జరిగాయి. అన్నిటికన్నా సరదా అయినది వయసు సంగతి. చేరేనాటికి రిటైర్మెంటు 58 ఏళ్లకే కాబట్టి ఆయన 2022 జూన్‌లో వెళ్లిపోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60కి, 2022లో 62కి పెంచడంతో రెండు సార్లు వాయిదా పడింది. తెలంగాణలో రాస్తున్నవారు 2021లో 61కి పెంచిన సంగతి వాడుకోవచ్చు. ఇవన్నీ ఒకే పరిచయంలో కుక్కమని కాదు. మీ దారానికి అతికేవే తీసుకోండి.

కారుణ్య నియామకం మాట చెప్పాలా వద్దా అన్నది మీరు నిర్ణయించేది కాదు. కొందరు "మా నాన్న ఉద్యోగం నేను నిలబెట్టాను" అని గర్వంగా చెప్పుకుంటారు. కొందరికి ఆ రోజులు గుర్తు చేసుకోవడమే ఇష్టం ఉండదు. ముందే అడగండి. వద్దంటే ఆ సంగతి లేకుండానే రాయండి.

నిజం ఎంతవరకు చెప్పాలి?

ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషిలో లోపాలే లేవంటే ఎవరూ నమ్మరు. అలాగని సభలో లెక్కలు తేల్చుకోకూడదు. నేను పాటించేది ఇదీ: ఆ లోపం సభలో అందరికీ ముందే తెలిసి ఉండాలి, ఆయన కూడా దానికి నవ్వగలగాలి, అది ఆయన మంచి పని పుట్టిన చోటే పుట్టి ఉండాలి. మన ఉదాహరణలో ఆయనకు కంప్యూటరంటే పడదు. కాగితం మీద లేనిదాన్ని నమ్మరు. ఆ చాదస్తమే రికార్డ్ రూమును కాపాడింది కాబట్టి చెప్పొచ్చు. నోట్ ఫైలులో పేజీ నంబరు లేకపోతే ఫైలు వెనక్కి విసిరేస్తారు. అదీ చెప్పొచ్చు. తాగుడు, అప్పులు, జబ్బు, కొడుకుతో పేచీ, అధికారితో పడిన గొడవ, వీటిని సరదాకి కూడా ముట్టుకోవద్దు. ఆఫీసులో రోజూ వేసే జోకే అయినా, వియ్యంకుల వారు వినేటప్పుడు అది జోకు కాదు.

రెవెన్యూ ఆఫీసులో అన్నిటికన్నా కష్టమైన మాట ఇంకొకటి ఉంది. లంచం. "రూపాయి ముట్టని మనిషి" అని ప్రతి సభలోనూ అంటారు. సభలో వెనక వరసలో ఆ ఆఫీసు చుట్టూ తిరిగిన రైతులు కూర్చుని ఉంటారు. నిజంగా అలాంటి మనిషే అయితే ఆ వాక్యం అవసరం లేదు, ఒక సంఘటన చెప్పండి. పాస్ పుస్తకం పని అయ్యాక కొబ్బరికాయల బస్తా దింపిన రైతుతో అదే ఆటోలో వెనక్కి పంపించారన్నది మీకు తెలిస్తే, అది చెప్పి ఊరుకోండి. మీకు తెలియకపోతే ఆ విషయం జోలికే పోవద్దు. కాదని తెలిస్తే అసలే వద్దు. పొగడకుండా ఉండే హక్కు మీకుంది, అబద్ధం చెప్పే అవసరం లేదు. అలాగే శాఖాపరమైన విచారణ ఏదైనా నడుస్తుంటే "మచ్చలేని సేవ" అనే మాట వాడకండి. మీరు సభలో చదివిన మాట ఆ విచారణలో ఆయనకు సాయపడదు, సభలో అధికారిని ఇబ్బందిలో పడేస్తుంది.

డీఏ బకాయిలు, రావలసిన గ్రాట్యుటీ, ఆగిన ప్రమోషన్ గురించి మాట్లాడటానికి సంఘం నాయకులున్నారు. వాళ్ల వంతు వాళ్లకు వదిలేయండి.

రాసినదాన్ని ఎలా వడగట్టాలి

"మృదుస్వభావి, కర్తవ్య దీక్షాపరులు, నిజాయితీకి నిలువెత్తు నిదర్శనం, అజాతశత్రువు" అనే వరస మీ కాగితంలోకి తనంతట తానే వచ్చేస్తుంది. రానివ్వండి, మొదటి రాతలో ఫర్వాలేదు. తర్వాత ఒక్కో మాట పక్కన "ఎప్పుడు?" అని రాసుకోండి. మృదుస్వభావి, ఎప్పుడు? జవాబు దొరికితే ఆ జవాబును ఉంచి, మృదుస్వభావిని కొట్టేయండి. దొరకకపోతే రెండింటినీ కొట్టేయండి. ఇలా చేస్తే రెండు పేజీల పొగడ్త అరపేజీ సంగతులుగా మిగులుతుంది, ఆ అరపేజీతో మళ్లీ మొదలుపెట్టాలి.

ఆఫీసులో మీరు ఆయన్ని బాబాయ్ అనో, గురువుగారూ అనో పిలుస్తుండొచ్చు. కాగితంలో మొదటి నుంచి చివరిదాకా పేరు, "గారు" ఉండాలి. పిలుపును ఒక్కసారి వాడుకోవచ్చు, అది కూడా ఆఫీసంతా అలా పిలిస్తేనే. వేదిక మీద ఉన్నవారందరి పేర్లూ హోదాలూ మళ్లీ చదవకండి, అధ్యక్షులు అప్పుడే చదివేశారు. రిటైరవుతున్నది మహిళ అయితే ఇల్లూ పిల్లలూ చూసుకుంటూ ఉద్యోగం చేశారన్న మాటతో మొదలుపెట్టకండి. మగవారి విషయంలో మొదట పని చెబుతాం, ఇక్కడా పనే ముందు రావాలి.

ఇంతవరకు చెప్పిన పద్ధతిలో మన ఉదాహరణను రాస్తే ఇలా ఉంటుంది. పేరు రావలసిన చోట ఖాళీ ఉంచాను.

*వేదిక మీది పెద్దలకు, మన ఆఫీసు మిత్రులకు, గ్రామాల నుంచి వచ్చినవారికి, …… గారి కుటుంబ సభ్యులకు నమస్కారం.*

*ఈ సాయంత్రం మన బి సీటు ఖాళీ అవుతోంది. ఆ సీటులో ఉన్న …… గారిని పరిచయం చేయమన్నారు. ఇక్కడ ఆయన తెలియనివారు తక్కువ. అందుకని తెలిసిన మనిషి గురించి కొంతమందికి తెలియని సంగతులు చెబుతాను.*

*1995 నవంబరు 20న ఆయన జూనియర్ అసిస్టెంటుగా చేరారు. అప్పుడు బయట బోర్డు మీద మండల రెవెన్యూ కార్యాలయం అని ఉండేది. జిల్లా తూర్పుగోదావరి. ఇవాళ బోర్డు వేరు, జిల్లా వేరు. వాళ్ల నాన్నగారు ఇదే శాఖలో పనిచేస్తూ కాలం చేస్తే వచ్చిన ఉద్యోగం ఇది. ఆ సంగతి తప్పకుండా చెప్పమని ఆయనే నాతో అన్నారు. తర్వాత నాలుగు మండలాలు తిరిగి, సీనియర్ అసిస్టెంటు అయి, మళ్లీ మన దగ్గరికే వచ్చారు.*

*చేరి ఏడాది కాకముందే 1996 తుపాను వచ్చింది. ఆ రాత్రి గురించి కోనసీమవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. మన రికార్డ్ రూము పెంకులు లేచిపోయాయి, రిజిస్టర్లు తడిసి ముద్దయ్యాయి. అందరూ సహాయ శిబిరాల పనిలో ఉన్నారు. పగలు ఆయనా అదే పనిలో ఉండి, సాయంత్రం వచ్చి అటెండరు గారితో కలిసి ఒక్కో రిజిస్టరు విప్పి, పేజీల మధ్య పాత పేపర్లు పెట్టి ఆరబెట్టారు. అది చేయమని ఏ ఉత్తర్వులోనూ లేదు. ఇవాళ ఎవరైనా వచ్చి వాళ్ల తాతగారి పేరున్న అడంగల్ నకలు అడిగితే మనం ఇవ్వగలుగుతున్నాం. అలా ఇచ్చిన నకళ్లలో కొన్నింటి మీద ఆ నీటి మరక ఇప్పటికీ కనిపిస్తుంది.*

*కంప్యూటరు వచ్చినప్పుడు ఆయనకు నచ్చలేదు. ఇది దాచడానికి ఏమీ లేదు, రోజూ ఆయనే చెప్పేవారు. పాస్‌వర్డ్ మర్చిపోయి నన్ను పిలిచిన రోజులు చాలా ఉన్నాయి. కానీ స్క్రీను మీద సర్వే నంబరు ఒకలా, కాగితంలో ఒకలా కనిపించిన ప్రతిసారీ మేమంతా లేచి వెళ్లింది ఆయన దగ్గరికే. ఆయన బీరువా తీసి, ఏది ఎక్కడ తప్పు పడిందో వేలు పెట్టి చూపించేవారు.*

*నేను రాసిన మొదటి నోటు మూడు సార్లు వెనక్కి వచ్చింది. పేజీ నంబర్లు లేవని ఒకసారి, వెనకటి ఉత్తర్వు జత చేయలేదని ఒకసారి. మూడోసారి ఎందుకో ఇప్పటికీ తెలియదు. అప్పుడు నాకు కోపం వచ్చింది. రెండేళ్ల తర్వాత అదే ఫైలును కోర్టు అడిగింది. ఒక్క కాగితం కూడా తక్కువ కాలేదు.*

*చేరినప్పటి లెక్కన ఆయన 2022లోనే వెళ్లిపోవాలి. ప్రభుత్వం రెండు సార్లు వయసు పెంచింది కాబట్టి మనకు ఇంకో నాలుగేళ్లు దొరికారు. ఆ నాలుగేళ్లలో ఆయన చేసిన పని ఒకటుంది. రికార్డ్ రూములో ఏ కట్టలో ఏముందో గ్రామాలవారీగా ఒక పుస్తకంలో రాసి పెట్టారు. నిన్న చార్జి అప్పగించేటప్పుడు ఆ పుస్తకం కూడా ఇచ్చారు.*

*ఆయన సర్వీసులో ఎనిమిది లోక్‌సభ ఎన్నికలు జరిగాయి. ఎనిమిది సార్లూ ఆ నెలంతా ఇల్లు చూసుకున్నది ఆయన శ్రీమతి గారు. అమ్మా, వచ్చే ఎన్నికలకు సార్ మీతో కలిసి ఓటు వేయడానికి మాత్రమే వస్తారు.*

*ఆయనతో కలిసి పనిచేసిన మిత్రులను ఇప్పుడు మాట్లాడవలసిందిగా కోరుతున్నాను.*

ఇందులో "గొప్ప", "ఆదర్శం", "త్యాగం" అనే మాటలు లేవని గమనించే ఉంటారు. ఆయన ఎలాంటివారో సభే తేల్చుకుంటుంది. తర్వాత మాట్లాడేవాళ్లకు కూడా పని మిగిలింది. తుపాను నాటి అటెండరు సభకు వస్తే మిగతా కథ ఆయనే చెబుతారు.

మూడోసారి నోటు ఎందుకు వెనక్కి వచ్చిందో తెలియదన్న వాక్యం చూడండి. నవ్వు రావాలంటే అక్కడే వస్తుంది, దానికోసం వేరే జోకు అక్కర్లేదు. పద్యమో, సినిమా పాట చరణమో చదవాలని చాలామందికి ఉంటుంది. మీకు పద్యం నోటికొచ్చి, రాగం మీద పట్టు ఉంటే చదవండి. కాగితం చూసి పద్యం చదివేట్టయితే మానేయడం మేలు.

ఆయనకు చూపించాలా?

మొత్తం కాగితం చూపించకండి, సంగతులు మాత్రం సరిచూసుకోండి. ముందు రోజు పక్కన కూర్చుని "చేరింది నవంబరు ఇరవయ్యే కదా, తుపానప్పుడు మీతో ఉన్న అటెండరు ఎవరు, కంప్యూటరు సంగతి చెప్పనా?" అని అడగండి. ఆయన ముఖం చూస్తే ఏది ఉంచాలో ఏది తీయాలో తెలిసిపోతుంది. "అదెందుకులే" అని తల పక్కకు తిప్పితే ఆ సంగతి తీసేయండి. అలా అని నవ్వితే మాత్రం ఉంచమనే.

అధికారి గారికి మాత్రం ఒకసారి ముందే చదివి వినిపించడం మంచిది. ముఖ్యంగా కోర్టు ఫైలు, రికార్డులు తడవడం లాంటి ఆఫీసు సంగతులు ఉన్నప్పుడు. ఏ కేసు, ఎవరి భూమి అన్నది చెప్పకూడదు.

చదివే రోజు

తేదీలను కాగితంలో అక్షరాల్లో రాసుకోండి. "1995" అని చూస్తే నాలుక ఇంగ్లీషులోకి జారి "నైంటీన్ నైంటీఫైవ్" అంటుంది, వెనక వరసలో ఉన్న పెద్దలకు అందదు. వాక్యానికి ఒక లైను చొప్పున, లైన్ల మధ్య ఖాళీ వదిలి రాస్తే కళ్లు తప్పిపోవు. ఇంట్లో రెండు సార్లు గట్టిగా చదివి టైము చూసుకోండి. మనసులో చదివితే టైము తక్కువ చూపిస్తుంది. చదివేటప్పుడు ఊపిరి అందని వాక్యం తగిలితే తప్పు మీ ఊపిరిది కాదు, వాక్యం పొడవైంది. రెండుగా విరగ్గొట్టండి.

ఎక్కడో ఒకచోట మీ గొంతు పట్టేస్తుంది. తుపాను దగ్గరో, శ్రీమతి గారి దగ్గరో. ఆ చోటు ఇంట్లో చదివినప్పుడే తెలుస్తుంది. కాగితంలో ఆ లైనుకు ముందు పెన్సిలుతో ఒక గీత పెట్టుకుని, అక్కడ ఆగి, నీళ్లు తాగి, మళ్లీ మొదలుపెట్టండి. సభ ఎదురుచూస్తుంది, టెన్షన్ పడనక్కర్లేదు. ఆయన వైపు తిరిగి చదవకండి. ఆయన కళ్లలోకి చూస్తే ఇద్దరూ ఆగిపోతారు. సభ వైపు చూసి చదవండి, శ్రీమతి గారితో చెప్పే వాక్యానికి మాత్రం అటు తిరగండి.

సభలు టైముకు మొదలు కావు. ఆర్‌డీవో గారు వచ్చేసరికి గంట ఆలస్యమై, "త్వరగా కానిచ్చేయండి" అని పక్కనుంచి చీటీ వస్తుంది. అప్పుడు వేగంగా చదవడం కాదు చేయవలసింది. ఏ పేరాలు వదిలేయొచ్చో ముందే గుర్తు పెట్టుకోవాలి. పై ఉదాహరణలో అయితే నోటు పేరా, వయసు పేరాలో మొదటి రెండు వాక్యాలు తీసేయొచ్చు, అప్పుడు "ఆ నాలుగేళ్లలో" బదులు "ఈ చివరి నాలుగేళ్లలో" అనాలి. చేరిన రోజు, తుపాను, రికార్డుల పుస్తకం, ఎన్నికలు ఉండాలి. రెండున్నర నిమిషాల్లో అయిపోతుంది.